తూకం తప్పిన రూపాయి

పాత నాణేల బేరాలు ఫొటోల్లోనే సాగిపోతున్నాయి. పోత పోసిన నకిలీలను ఆ ఫొటోల్లోనే పట్టించే సాక్షులు మూడు: అంచు, ఉపరితలం, బరువు

మొదటి ఫొటోలో విక్టోరియా రాణి మొహం చక్కగానే ఉంది. జుట్టు ముడి, మెడ వంపు, తల చుట్టూ ఇంగ్లిషు అక్షరాలు అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి. రెండో ఫొటోలో ఆకుల దండ, దాని మధ్యలో ఇంగ్లిషులోనూ పారశీ లిపిలోనూ 'ఒక రూపాయి', చుట్టూ ఈస్టిండియా కంపెనీ పేరు, అడుగున 1840. మూడో ఫొటోలో అదే నాణెం అరచేతిలో పట్టే ఎలక్ట్రానిక్ కాటా మీద ఉంది. తెర మీద అంకె 9.52 గ్రాములు. కొనేవాళ్లకు నమ్మకం కలగడానికి పెట్టిన ఆ ఫొటోయే గుట్టు బయటపెడుతుంది. 1840 నాటి రూపాయి తూగాల్సింది 11.66 గ్రాములు.

ఇది నమూనా కోసం కట్టిన ఉదాహరణ. కానీ పాత నాణేలు కొనేవాళ్లకు ఇలాంటి ప్రకటనలు కొత్త కాదు. ఒకప్పుడు నాణెం చేతికి తీసుకుని, బొటనవేలితో అంచు తడిమి, రాతి మీద వేసి మోగించి కొనేవారు. ఇప్పుడు ఆ అవకాశం లేదు. ఎదురుగా ఉన్నది మూడు నాలుగు ఫొటోలు, ఒక ధర. మోసగాళ్లు ఎంతగా పెరిగారంటే, పాత నోట్లు, నాణేల క్రయవిక్రయాల పేరుతో, తమ పేరు కూడా వాడుకుని ఫీజులు గుంజుతున్న ముఠాలను నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించాల్సి వచ్చింది. అది వేరే రకం మోసం. నకిలీ నాణెం మోసం అంతకన్నా నెమ్మదైనది. కొన్నవారికి అది ఏళ్ల తరబడి తెలియకపోవచ్చు.

1840 రూపాయి అరుదైన నాణెం కాదు. దాని మీద తేదీ మారకుండానే 1862లో కొత్త నాణేలు వచ్చేదాకా టంకశాలల్లో అది తయారవుతూనే ఉంది. అంత విరివిగా దొరికేదాన్ని ఎవరైనా నకిలీ చేస్తారా అన్న అనుమానం సహజం. నకిలీదారుకు కావలసిందే అది. అరుదైన నాణేన్ని కొనేవారు నిపుణుడికి చూపిస్తారు. మామూలు రూపాయిని ఎవరూ చూపించరు.

కొట్టినది, పోసినది

నకిలీని పట్టుకోవడం మొదలయ్యేది తయారీ తేడా దగ్గరే. టంకశాలలో నాణేన్ని కొడతారు. కొలత ప్రకారం కోసిన వెండి బిళ్లను రెండు ఉక్కు డైల మధ్య పెట్టి యంత్రం ఒక్క దెబ్బ వేస్తుంది. లోహం కరగదు, వేడెక్కి పారదు. ఒత్తిడికి మధ్య నుంచి అంచు వైపు జరిగి డైలోని ప్రతి గుంటలోకీ చొచ్చుకుపోతుంది. చుట్టూ ఉన్న ఉక్కు వలయం దాన్ని బయటికి పోనివ్వదు. ఆ వలయం లోపలి గాట్లే నాణెం అంచు మీద నిలువు గీతలవుతాయి. ఫలితంగా ఉపరితలం గట్టిపడి, నున్నగా ఉంటుంది. అక్షరం నేల నుంచి నిటారుగా లేస్తుంది.

నకిలీదారు చేతిలో డై ఉండదు, ఒక అసలు నాణెం ఉంటుంది. దాన్ని మెత్తటి మట్టిలోనో, ప్లాస్టర్‌లోనో, రబ్బరులోనో అదిమి అచ్చు తీస్తాడు. కరిగిన లోహాన్ని అందులో పోస్తాడు. పద్ధతి సులువు, ఖర్చు తక్కువ. కానీ కరిగిన లోహానికి కొన్ని గుణాలున్నాయి. అది గాలిని తనలో దాచుకుంటుంది. అచ్చులోని సన్నటి మూలల్లోకి పూర్తిగా వెళ్లదు. చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. పైగా రెండు ముక్కల అచ్చు అయితే ఆ ముక్కలు కలిసేచోట అతుకు పడుతుంది, లోహం పోసిన దారి దగ్గర తోక మిగులుతుంది. ఎంత నేర్పరి అయినా ఈ జాడలను తగ్గించగలడే కానీ అన్నిటినీ ఒకేసారి చెరపడం కష్టం. ఒకదాన్ని సరిచేయబోతే ఇంకొకటి చెడుతుంది. ఫొటోలో వెతకాల్సింది ఈ చిక్కునే.

అంచు చెప్పే సాక్ష్యం

అమ్మేవారు తరచూ చూపించని ఫొటో అంచుది. బొమ్మ, బొరుసు రెండూ పెడతారు, మూడో ముఖం మర్చిపోతారు. అది మరపు కావచ్చు, కాకపోనూ వచ్చు. కొనేవారు మొదట అడగాల్సింది దాన్నే. ఒక్క ఫొటో కూడా చాలదు. నాణేన్ని నాలుగుసార్లు పావు వంతు చొప్పున తిప్పుతూ తీసినవి కావాలి. నకిలీ జాడ సాధారణంగా అంచులో ఒక్కచోటే ఉంటుంది, ఒక్క ఫొటోలో అది అవతలి వైపుకి పోతుంది.

అసలు రూపాయి అంచు గాట్లు నిలువుగా, సమాన దూరంలో, ఒకే లోతులో నాణెం చుట్టూ సాగుతాయి. అరిగిన నాణెంలో గాట్ల పైభాగం మొద్దుబారుతుంది, కానీ వాటి మధ్య దూరం మారదు. అరుగుదల గాటు ఎత్తును తినగలదు, దాన్ని పక్కకు జరపలేదు. పోత నకలులో గాట్లు కొన్నిచోట్ల కలిసిపోయి కనిపిస్తాయి. కొన్ని లావుగా, కొన్ని సన్నగా ఉంటాయి. అంచు మధ్యలో చుట్టూ సన్నటి గీత కనిపిస్తే అది అచ్చు ముక్కల అతుకు. అతుకును ఆకురాయితో రాసి చెరిపితే ఆ చోట గాట్లు కూడా పోతాయి. వాటిని చేత్తో మళ్లీ కోస్తారు. చేత్తో కోసిన గాట్లు కాస్త ఏటవాలుగా పోతాయి, లేదా పక్కవాటితో దూరం కుదరదు. అలాంటి వంకర గాట్లు ఒక అర అంగుళం మేర ఉండి, మిగతా అంచు అంతా బాగుంటే అక్కడే లోహం పోసిన తోకను కోశారని అనుమానించాలి.

అనుమానించాలి, తీర్పు చెప్పకూడదు. మన దేశంలో వెండి రూపాయలకు ఇంకో చరిత్ర ఉంది. ఎన్నో రూపాయలు కొక్కెం అతికించుకుని మెడలో పతకాలయ్యాయి. తర్వాత ఆ కొక్కెం ఊడదీసి, అతుకు రాసేసి మళ్లీ నాణేలుగా అమ్ముతున్నారు. వాటి అంచు మీద కూడా ఒక్కచోట గాట్లు చెరిగి ఉంటాయి. తేడా తెలుసుకునే దారి ఉంది. కొక్కెం జాడ ఎక్కువగా రాణి తల పైభాగానికి నేరుగా ఉన్న అంచులో ఉంటుంది, ఎందుకంటే బొమ్మ నిటారుగా వేలాడాలి. ఆ చోట టంకం రంగు వెండి రంగుకు కొంచెం వేరుగా, పసుపు ఛాయలో ఉండొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మచ్చ తప్ప మిగతా అంచు గాట్లన్నీ పదునుగా, సమంగా ఉంటాయి. కొక్కెం తీసిన నాణెం చెడిపోయినదే, కానీ అసలైనదే. దాని ధర తగ్గుతుంది.

బొమ్మ వైపు నుంచి కూడా అంచును చదవొచ్చు. నాణెం చుట్టూ ఎత్తుగా ఉండే గట్టు, దాని లోపలి చుక్కల వరుస చూడాలి. కొట్టిన నాణెంలో చుక్కకూ చుక్కకూ మధ్య నేల స్పష్టంగా కనిపిస్తుంది. పోత నకలులో చుక్కలు ఒకదానిలోకి ఒకటి కరిగినట్టుంటాయి. రాణి చెవి దగ్గరి వెంట్రుకలు, దండలోని చిన్న పళ్లు, మెడ కోత మీద డై చెక్కిన విలియమ్ వాయన్ పేరులోని రెండు పొడి అక్షరాలు కూడా ఇలాంటి పరీక్షా స్థలాలే. ఇవి అరుగుదల వల్ల పోయాయా, పోత వల్ల నిండలేదా అన్నది నిర్ణయించడానికి ఒక సూత్రం ఉంది. అరుగుదల ఎత్తైన చోట్ల మొదలవుతుంది: బుగ్గ, చెవి పైన జుట్టు. నేలకు ఆనుకుని ఉన్న అక్షరాల మొదళ్లు చివరిదాకా పదునుగానే ఉంటాయి. పోతలో మెత్తదనం ఎత్తైన చోటా, పల్లంలోనూ ఒకేలా ఉంటుంది. బుగ్గ అరగకుండా అక్షరాల మొదళ్లు మాత్రం సబ్బుబిళ్ల మీద రాతలా గుండ్రంగా ఉంటే, ఆ మెత్తదనం చేతులు మారి వచ్చింది కాదు.

గుంటలు, బుడిపెలు

రెండో సాక్షి ఉపరితలం. కరిగిన లోహంలో చిక్కిన గాలి చల్లారేటప్పుడు బయటికి రాబోతూ సూదిబెజ్జాల్లాంటి గుంటలను వదులుతుంది. వాటి అడుగు గుండ్రంగా, గోడలు నున్నగా ఉంటాయి. ఇవి ఎక్కువగా బొమ్మ లేని చదునైన నేల మీద, అక్షరాల మొదళ్ల దగ్గర గుంపులుగా కనిపిస్తాయి. ఇంకో జాడ దీనికి తలకిందులు. అచ్చు పదార్థంలోనే గాలి బుడగ ఉండిపోతే ఆ ఖాళీలోకి లోహం చేరి నాణెం మీద చిన్న బుడిపె అవుతుంది. చూపు అలవాటైనవారు గుంటల కన్నా బుడిపెలనే ఎక్కువ నమ్ముతారు. మట్టిలో పడి నాణేనికి గుంట పడొచ్చు, నేల నుంచి గుండ్రటి పూసలా పైకి లేచే బుడిపె అలా రాదు. అయితే డై పగిలినా, తుప్పుపట్టినా కొట్టిన నాణెం మీద కూడా ఎత్తులు వస్తాయి. పగులు గీతలా సాగుతుంది, తుప్పు గరుకుగా ఉంటుంది. పోత బుడిపె విడివిడి పూస.

పాతిపెట్టిన నాణేల సంగతి జాగ్రత్తగా చూడాలి. నేలలోని ఉప్పు, తేమ వెండిలో కలిసిన రాగిని శతాబ్దాలపాటు తినేస్తాయి. అలాంటి అసలు నాణెం కూడా బెజ్జాలతో, తేలిగ్గా ఉంటుంది. కానీ తుప్పు తిన్న గుంటకు గోడలు చిరిగినట్టుంటాయి, ఆకారం ఒక తీరున ఉండదు, అడుగున ముదురు రంగు మడ్డి మిగిలి ఉంటుంది. పోత గుంట శుభ్రంగా, గుండ్రంగా ఉంటుంది. పైగా తుప్పు బయటి నుంచి లోపలికి పోతుంది కాబట్టి ఎత్తైన చోట్లను కూడా వదలదు. పోత గుంటలు నేల మీదే ఎక్కువ. నకిలీదారు ఎత్తైన చోట్లను మెరుగు పెట్టి నునుపు చేయగలడు, అక్షరాల సందుల్లోకి మాత్రం అతని చేయి దూరదు.

ఇక్కడ ఫొటోయే మోసం చేసే ప్రమాదముంది. ఎదురు నుంచి తిన్నగా పడే వెలుతురులో గుంటలు మాయమవుతాయి. దీపం పక్క నుంచి, నాణెం నేలకు దగ్గరగా వాలిన కోణంలో పడాలి, అప్పుడే ప్రతి గుంటా తన నీడను చూపిస్తుంది. దీనికి వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉంది. ఫోన్లు ఫొటోను కుదించి పంపేటప్పుడు పదునైన అంచుల చుట్టూ పొడి చల్లినట్టు గరుకుదనం పుడుతుంది. అక్షరాల చుట్టూ కనిపించే ఆ గరుకును పోత రంధ్రాలనుకుని అసలు నాణేన్ని తిరస్కరించేవాళ్లూ ఉన్నారు. పరీక్ష తేలిక. ఆ గరుకు నాణెం బయట, కింద పరిచిన గుడ్డ మీద, కాటా అంకెల చుట్టూ కూడా ఉందా చూడాలి. ఉంటే అది ఫొటో జబ్బు. ఇంకో కోణంలో తీసిన రెండో ఫొటోలో కూడా అదే గుంట అదే చోట ఉంటేనే అది నాణెం జబ్బు. ప్లాస్టిక్ కవరులో పెట్టి తీసిన ఫొటోతో మాత్రం ఏదీ తేల్చలేం.

తులం లెక్క

మూడో సాక్షి బరువు. కంపెనీ రూపాయిని 1835లో ఒక్క తీరున స్థిరపరిచారు: 180 గ్రెయిన్ల తూకం, అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి, మిగిలినది రాగి. 180 గ్రెయిన్లంటే 11.66 గ్రాములు. పాతకాలపు తులం లెక్క ఇదే. అడ్డకొలత సుమారు 30.5 మిల్లీమీటర్లు. 1870 నాటి నాణేల చట్టం ప్రకారం అరుగుదలతో తూకంలో 2 శాతానికి మించి కోల్పోయిన రూపాయి చెల్లుబాటు పోగొట్టుకునేది. అంటే దాదాపు 11.43 గ్రాములు. బాగా చేతులు మారిన రూపాయలు అంతకన్నా తగ్గవచ్చు, కానీ అప్పటికి బొమ్మ కూడా ఆ మేరకు అరిగి ఉంటుంది. బరువునూ బొమ్మనూ కలిపి చదవడమే ఇందులో కిటుకు.

ఇప్పుడు 9.52 గ్రాముల నమూనాకు వద్దాం. కాటా తప్పు చూపించలేదని ఎలా నమ్మడం? తెలిసిన బరువును పక్కన తూచి చూపించమనాలి. 2011లో రూపాయి గుర్తుతో వచ్చిన 5 రూపాయల నాణెం ఇందుకు పనికొస్తుంది. దాని బరువు 6 గ్రాములు, అడ్డకొలత 23 మిల్లీమీటర్లు. తర్వాత వచ్చిన 5 రూపాయల నాణేల కొలతలు వేరు కాబట్టి ఏ సంవత్సరపు నమూనానో చూసుకోవాలి. అదే కాటా మీద అది 6 దగ్గరే తూగితే కాటా నిర్దోషి. రెండు నాణేలనూ పక్కపక్కన పెట్టి, కెమెరాను సరిగ్గా పైనుంచి పట్టి ఇంకో ఫొటో తీయిస్తే కొలత కూడా దొరుకుతుంది.

ఆ ఫొటోను కంప్యూటర్ మీద పెద్దది చేసి చుక్కలు, అంటే పిక్సెళ్లు లెక్కపెట్టాలి. 5 రూపాయల నాణెం అడ్డంగా 920 పిక్సెళ్లు ఉందనుకుందాం. 920ని 23తో భాగిస్తే మిల్లీమీటరుకు 40 పిక్సెళ్లు. పక్కనున్న రూపాయి 1,208 పిక్సెళ్లు ఉంటే దాని అడ్డకొలత 30.2 మిల్లీమీటర్లు. ఉండాల్సిన దానికన్నా 0.3 తక్కువ. ఈ ఒక్క తేడాతో ఏమీ తేలదు. కెమెరా రవ్వంత వాలినా అంత తప్పు వస్తుంది.

బరువు సంగతి అలా కాదు. 11.66లో నుంచి 9.52 తీసేస్తే 2.14 గ్రాములు లోటు, అంటే 18 శాతం. అరుగుదలతో అంత పోవాలంటే రాణి మొహం ఉత్త నీడలా మిగలాలి. ఈ ఫొటోలో జుట్టు పాయలు కనిపిస్తున్నాయి. మరి ఆ బరువు ఎక్కడికి పోయింది? 12కు 11 పాళ్ల వెండి ఒక ఘన సెంటీమీటరుకు సుమారు 10.3 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన అసలు రూపాయి పరిమాణం 1.13 ఘన సెంటీమీటర్లు. నకలు అన్ని వైపులా కొంచెం కుంచించుకుపోయింది కాబట్టి దాని పరిమాణం దాదాపు 1.10. 9.52 గ్రాములను దానితో భాగిస్తే 8.7 వస్తుంది. వెండి సాంద్రత కాదది. రాగి, నికెల్, జింకు కలిపి వెండిలా మెరిసే జర్మన్ సిల్వర్‌కు దగ్గరి అంకె. పూజాసామాను కొట్లలో దొరికే లోహమే. పరిమాణం అంచనాయే కాబట్టి లోహం ఇదేనని అంకెతో గట్టిగా చెప్పలేం. ఇది వెండి కాదని మాత్రం చెప్పొచ్చు.

వెండితోనే పోస్తే?

తెలివైన నకిలీదారు చవక లోహం జోలికి పోడు. అరిగిన పాత రూపాయలను కరిగించి, అదే వెండితో కాస్త అరుదైన తేదీ ఉన్న నాణేన్ని పోస్తాడు. రసాయన పరీక్ష చేసినా వెండే తేలుతుంది. ఇక్కడే ముగ్గురు సాక్షులనూ ఎదురెదురుగా నిలబెట్టాలి.

పోత నాణెం చల్లారేటప్పుడు అడ్డకొలతలో ఒకటిన్నర శాతం మేర తగ్గిందనుకుందాం. కంటికి అది అర మిల్లీమీటరు కూడా కాదు. కానీ కుంచించుకోవడం పొడవు, వెడల్పు, మందం మూడింటిలోనూ జరుగుతుంది. పరిమాణం నాలుగున్నర శాతం తగ్గిపోతుంది. 11.66 తూగాల్సింది 11.1 గ్రాముల దగ్గర ఆగుతుంది. బొమ్మ ఏమాత్రం అరగని రూపాయి 11.1 తూగితే ఆ అరగ్రాము లోటుకు జవాబు కావాలి. ఈ లోటు పూడ్చాలంటే నకిలీదారుకు ఉన్న దారి మందం పెంచడమే. అచ్చు ముక్కల మధ్య సందు పెంచితే బరువు సరిపోతుంది, కానీ సందు పెరిగినచోట అంచు గాట్లు తెగి అతుకు వెడల్పవుతుంది. దాన్ని మాపడానికి ఆకురాయి పట్టాలి, గాట్లు మళ్లీ కోయాలి. బరువు కుదిరింది, అంచు చెడింది. అంచును కాపాడుకుంటే బరువు తప్పుతుంది. అందుకే తూకం సరిగ్గా ఉందన్న ఒక్క మాటతో బేరం ముగించకూడదు. సరైన తూకం ఉన్న నాణెం అంచునే ఇంకా శ్రద్ధగా చూడాలి.

నియమాలు తిరగబడే చోటు

ఇంతవరకూ చెప్పింది యంత్రం మీద కొట్టిన నాణేల గురించి. చేతి సుత్తితో కొట్టిన మొగలాయి రూపాయికి ఇదంతా యథాతథంగా వర్తించదు. దానికి అంచు గాట్లు ఉండవు, గుండ్రం కూడా సరిగ్గా ఉండదు, బొమ్మ ఒక పక్కకు జరిగి ఉంటుంది. అక్కడ చూడాల్సింది అంచు పగుళ్లను. సుత్తి దెబ్బకు బిళ్ల విచ్చుకుని అంచు నుంచి లోపలికి పగులుతుంది. నిజమైన పగులు పదునుగా, లోతుగా, చివరికి పోయేకొద్దీ సన్నబడుతూ ఉంటుంది. పోత నకలు ఆ పగులునూ కాపీ చేస్తుంది కానీ దాని అడుగున లోహం నిండిపోయి గుండ్రటి కాలువలా మిగులుతుంది. పగులు అంచు దాటి రెండో వైపు కనిపించకపోతే అది పగులు కాదు, పగులు బొమ్మ.

చేత్తో కొట్టిన నాణేల్లో ఇంకో గొప్ప సౌలభ్యం ఉంది. రెండు నాణేలు ఎన్నడూ ఒక్కలా రావు. డై ఒక్కటే అయినా బిళ్ల ఆకారం, బొమ్మ పక్కకు జరిగిన తీరు, పగులు పడిన చోటు ప్రతిసారీ మారతాయి. ఒకే పగులు, ఒకే గీత, ఒకే చోట తెగిన అక్షరంతో రెండు నాణేలు రెండు ప్రకటనల్లో కనిపిస్తే వాటిలో కనీసం ఒకటి పోత. చాలాసార్లు రెండూ ఒకే అచ్చు బిడ్డలే. ఈ కవలల వేటకు ఫొటోలే కావాలి, చేతిలో నాణెం అక్కర్లేదు. పాత వేలంపాటల ఫొటోలతో పోల్చి చూసేవాళ్లు ఎక్కువగా పట్టుకునేది ఇలాంటి వాటినే.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే నియమం పూర్తిగా తలకిందులవుతుంది. ప్రాచీన భారతంలో కొన్ని అసలు నాణేలే పోత నాణేలు. పురావృక్ష శాస్త్రవేత్త బీర్బల్ సాహ్ని 1936లో రోహతక్ దగ్గరి ఖోక్రాకోట్ దిబ్బలో యౌధేయుల నాణేల మట్టి అచ్చులను గుర్తించారు. ప్రాచీన భారతంలో నాణేల పోత పద్ధతిపై ఆయన గ్రంథం 1945లో వెలువడింది. తెలంగాణలోని కొండాపురంలో సాతవాహనుల కాలపు నాణేల అచ్చులు తవ్వకాల్లో దొరికాయి. అలాంటి నాణెం అంచున అతుకు, లోహం పోసిన దారి ఉండటం దోషం కాదు, పుట్టుమచ్చ. దాన్ని చూసి నకిలీ అని పారేస్తే నష్టం కొనేవాడిదే. ఆ నాణేనికి అసలు తయారీ పద్ధతి ఏమిటన్నది మొదటి ప్రశ్న. అది తెలియకుండా అంచును చదవడం, భాష తెలియకుండా ఉత్తరం చదవడం లాంటిది.

ఫొటో చెప్పలేనిది

ఈ మూడు పరీక్షలూ దాటే నకిలీలు కూడా ఉన్నాయి. అసలు నాణెం నుంచి డై తయారు చేసి, సరైన వెండి బిళ్ల మీద యంత్రంతోనే కొట్టినవి వాటిలో ముఖ్యమైనవి. వాటిలో గాలి బుడగలుండవు, అతుకు ఉండదు, బరువు కూడా సరిపోతుంది. వాటిని పట్టుకోవడానికి డైల వివరాలను అసలు వాటితో అక్షరం అక్షరం పోల్చాలి. అసలు నాణెం మీదే తేదీలో ఒక అంకెను చెక్కి మార్చినవి ఇంకో రకం. వాటి అంచూ నిజమే, బరువూ నిజమే, అబద్ధం ఆ అంకె ఒక్కటే.

కాబట్టి ఫొటోకు ఉన్న అధికారం ఒక వైపుకే. ఇది పోత నకలని చెప్పడానికి చక్కటి ఫొటోలు తరచూ చాలు. ఇది అసలైనదని చెప్పడానికి ఎన్ని ఫొటోలైనా చాలవు. అనుభవమున్న కొనుగోలుదార్లు అందుకే రెండు దశల్లో బేరం చేస్తారు. మొదట అంచు ఫొటోలు నాలుగు, పక్క వెలుతురులో బొమ్మ, బొరుసు, తెలిసిన నాణెంతో కలిపి తీసిన కాటా ఫొటో, కొలత ఫొటో అడుగుతారు. వీటిలో ఒక్క సాక్ష్యం తేడాగా ఉంటే వివరణ అడుగుతారు. రెండు తేడాగా ఉంటే అక్కడితో ఆపేస్తారు. అన్నీ కుదిరితే డబ్బు కట్టరు, నాణేన్ని చేతిలోకి తీసుకుని చూసి, నచ్చకపోతే తిరిగి ఇచ్చే షరతు రాతపూర్వకంగా తీసుకుంటారు.

ఈ ఫొటోలు తీయడానికి పది నిమిషాలు పట్టదు. కాటా ఉంది, ఫోన్ ఉంది, జేబులో 5 రూపాయల నాణెం ఉంది. అయినా అంచు ఫొటో మాత్రం కుదరదని అమ్మేవారు పదేపదే అంటుంటే, నాణెం చెప్పాల్సింది వాళ్లే చెప్పేసినట్టు.